కింది పైపు చల్లగా ఉందంటే

బండి హీటెక్కిందని షెడ్డుకు తీసుకెళ్తే చాలాచోట్ల ముందు థర్మోస్టాట్ పీకేస్తారు. తగ్గకపోతే రేడియేటర్ మార్చమంటారు. అప్పటికీ తగ్గకపోతే హెడ్ గ్యాస్కెట్ మీద పడతారు. డ్యాష్‌బోర్డు మీది ముల్లు ఇంజన్ కాగిందని చెబుతుందే తప్ప, కూలెంట్ తిరగడం లేదా, తిరిగినా చల్లారడం లేదా అన్నది చెప్పదు. ఆ తేడా రేడియేటర్‌కు ఉన్న రెండు రబ్బరు పైపుల దగ్గర తెలుస్తుంది.

ముందు దారి చూద్దాం. వాటర్ పంప్ కూలెంట్‌ను ఇంజన్ బ్లాకులోకి నెడుతుంది. అది సిలిండర్ల చుట్టూ, హెడ్ లోపలా తిరిగి వేడి మోసుకుని పై పైపు గుండా రేడియేటర్‌లోకి వస్తుంది. అక్కడ గాలికి చల్లారి, కింది పైపు గుండా మళ్లీ పంపుకు చేరుతుంది. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు ఈ దారిని థర్మోస్టాట్ మూసి ఉంచుతుంది. అప్పుడు కూలెంట్ బైపాస్ అనే చిన్న దారిలో ఇంజన్‌లోనే చుట్టూ తిరుగుతుంది. క్యాబిన్ హీటర్‌కు వెళ్లే పాయ మాత్రం చాలా కార్లలో థర్మోస్టాట్‌తో పని లేకుండా ఎప్పుడూ పారుతూనే ఉంటుంది. దీనితో తర్వాత పని పడుతుంది.

థర్మోస్టాట్ లోపల ఉండేది చిన్న ఇత్తడి డబ్బీలో ఒక రకం మైనం. అది కరిగి ఉబ్బితే వాల్వు తెరుచుకుంటుంది. దాని మీద 82 అనో 88 అనో ముద్రించి ఉంటుంది. అది తెరుచుకోవడం మొదలయ్యే వేడి, డిగ్రీల్లో. పూర్తిగా తెరుచుకోవడానికి ఇంకో పది పన్నెండు డిగ్రీలు కావాలి. అది పనిచేస్తోందో లేదో వంటింట్లోనే చూడొచ్చు. మూసి ఉన్న వాల్వు సందులో ఒక దారం ఇరికించి, ఆ దారంతోనే నీళ్ల గిన్నెలో అడుగు తగలకుండా వేలాడదీసి, పక్కన థర్మామీటర్ పెట్టి వేడి చేయాలి. వాల్వు తెరుచుకోగానే దారం జారి థర్మోస్టాట్ కింద పడుతుంది. నీళ్లు మరిగినా పడలేదంటే అది పోయినట్టే.

పోయిందని తీసి అవతల పడేసి, ఖాళీగా వదిలేయడం మాత్రం తప్పు. కొన్ని థర్మోస్టాట్లకు వెనక ఇంకో బిళ్ల ఉంటుంది. వాల్వు తెరుచుకున్నప్పుడు అది బైపాస్‌ను మూస్తుంది. అలాంటి ఇంజన్‌లో థర్మోస్టాట్ తీసేస్తే బైపాస్ బార్లా తెరిచే ఉంటుంది. కాగిన కూలెంట్‌లో కొంత రేడియేటర్ మొహం చూడకుండానే తిరిగి ఇంజన్‌లోకి పోతుంది. హీటు తగ్గించాలని చేసిన పని ఎక్కు రోడ్డులో హీటును పెంచుతుంది. ఆ బిళ్ల లేని ఇంజన్లలో దీనికి ఎదురు. బండి ఎంతకీ సరిగా వేడెక్కదు, డీజిల్ ఎక్కువ తాగుతుంది.

ఇప్పుడు ఒక కేసు. పదేళ్లు దాటిన డీజిల్ కారు. హైదరాబాద్ ట్రాఫిక్‌లో ఏ ఇబ్బందీ లేదు. శ్రీశైలం వెళ్తూ డ్యామ్ కింద వంతెన దాటి సున్నిపెంట వైపు ఘాట్ ఎక్కుతుంటే ముల్లు ఎర్ర గీత దగ్గరికి పోయింది. పక్కకు ఆపితే ఫ్యాన్ గట్టిగానే తిరుగుతోంది, కూలెంట్ డబ్బాలో మట్టం సరిగానే ఉంది. థర్మోస్టాట్ కొత్తది. ఫ్యాన్ పోయిన బండి ముందుగా ట్రాఫిక్‌లోనే హీటెక్కుతుంది. హైవే మీద ఎదురుగాలి దాన్ని కాపాడుతుంది. ట్రాఫిక్‌లో బాగుండి, బరువు పడ్డప్పుడే కాగే బండిలో ముందు అనుమానించాల్సింది ప్రవాహాన్ని.

వెనక్కి వచ్చాక మేస్త్రి దాన్ని గట్టిగా నడిపించి, ముల్లు పైకి లేవగానే ఆపి, ఇంజన్ ఆన్‌లోనే ఉంచి రెండు పైపుల మీదా లేజర్ థర్మామీటర్ పెట్టాడు. మెరిసే అల్యూమినియం మీద పెడితే ఆ పరికరం తప్పు చెబుతుంది, నల్ల రబ్బరు మీదే పెట్టాలి. పై పైపు 103, కింది పైపు 61.

నలభై డిగ్రీలు చల్లారిందంటే రేడియేటర్ భేషుగ్గా పనిచేస్తోందని బండి ఓనర్ సంతోషించాడు. అసలు జబ్బు అదే. 103 దగ్గర థర్మోస్టాట్ పూర్తిగా తెరుచుకుని ఉంటుంది. అప్పుడు రెండు పైపుల మధ్య తేడా మామూలుగా పది డిగ్రీల అటూ ఇటూ ఉండాలి. రేడియేటర్‌లో కూలెంట్ మెల్లగా పాకుతుంటే అక్కడ ఎక్కువసేపు ఉండి బాగా చల్లారుతుంది నిజమే. కానీ నిమిషానికి ఇంజన్ నుంచి బయటికి వచ్చే వేడి మొత్తం తగ్గిపోతుంది. మెల్లగా పోతేనే బాగా చల్లారుతుందని షెడ్లలో వినిపించే మాట ఈ లెక్క మరిచిపోయి అనేది. ఫ్యాన్ పోయినా, రేడియేటర్ రెక్కల సందుల్లో మట్టి పట్టినా దీనికి ఎదురుగా ఉంటుంది. రెండు పైపులూ దాదాపు ఒకేలా కాలుతుంటాయి. ఒక జాగ్రత్త. ఇంజన్ ఇంకా 85 దగ్గరే ఉండగా ఈ పరీక్ష చేస్తే థర్మోస్టాట్ సగమే తెరుచుకుని ఉంటుంది కాబట్టి మంచి బండిలోనూ తేడా ఎక్కువే కనిపిస్తుంది.

ప్రవాహం తగ్గిందని తేలింది. ఎక్కడ? రేడియేటర్ లోపల గొట్టాలు పూడుకుపోతే దాని ముఖం మీద అక్కడక్కడ చల్లని పట్టీలు దొరుకుతాయి. ఇక్కడ వేడి ఒక చివర నుంచి ఇంకో చివరకు వరసగా తగ్గుతూ వచ్చింది. కింది పైపు మెత్తబడితే ఇంజన్ రేస్ చేసినప్పుడు పంపు లాగుడుకు చప్పిడిగా అణిగిపోతుంది. రేస్ చేసి చూశారు, అణగలేదు. చివరగా క్యాబిన్ హీటర్ ఫుల్‌లో పెట్టారు. మన ఊళ్లలో ఎవరూ ముట్టుకోని ఆ నాబ్ ఇలాంటప్పుడు బాగా అక్కరకొస్తుంది. ఇంజన్ కాగి ఉండగా హీటర్ వేడిగాలి కొడితే పంపు తిరగేస్తున్నట్టే, తప్పు రేడియేటర్ వైపు ఉంది. ఇక్కడ ఐడిల్‌లో గోరువెచ్చని గాలి వచ్చింది, రేస్ చేస్తే వేడెక్కింది. కూలెంట్ తక్కువున్నా, లోపల గాలి చిక్కుకున్నా ఇలాగే అవుతుంది. మట్టం సరిగానే ఉంది, గాలి తీసేశాక కూడా అదే వరస. ఇక మిగిలింది పంపు.

ఆ పంపు కారడం లేదు, శబ్దం చేయడం లేదు. అందుకే దాన్ని ఎవరూ అనుమానించలేదు. విప్పితే లోపల ఇనప రేకు రెక్కలు అంచుల వెంట తినేసి, సగం ఎత్తుకు వచ్చాయి. ఏళ్ల తరబడి కూలెంట్ బదులు బోరు నీళ్లు పోశారు. ఆ నీళ్లలో తుప్పును ఆపే మందు ఉండదు, పైగా ఉప్పు ఉంటుంది. కొన్ని బళ్లలో ప్లాస్టిక్ రెక్కలు ఉంటాయి. అవి తినేయవు గానీ పగిలి, ఇరుసు తిరుగుతున్నా తాము తిరగకుండా జారుతుంటాయి. బయటి నుంచి చూస్తే అదీ బాగున్నట్టే ఉంటుంది.

ఈ కారులో పంపును తిప్పేది టైమింగ్ బెల్టు. పంపు కోసం అంతా విప్పారు కాబట్టి బెల్టు కూడా కొత్తది వేశారు. తర్వాత లోపలంతా నీళ్లతో కడిగి, తయారీదారు చెప్పిన రకం కూలెంట్‌ను డిస్టిల్డ్ వాటర్‌తో సగానికి సగం కలిపి పోశారు. ఎంత పోసినా హెడ్ మూలల్లో గాలి చిక్కుకుంటుంది. అందుకే బండి ముక్కు ఎత్తుగా ఉండేలా నిలబెట్టి, హీటర్ ఫుల్‌లో ఉంచి, ఫ్యాన్ రెండుసార్లు తిరిగి ఆగేదాకా ఇంజన్ నడిపారు. వేడి మీద మూత తీయకూడదు. ఆ మూత లోపలి ఒత్తిడిని పెంచి కూలెంట్‌ను నూరు డిగ్రీలు దాటినా మరగనివ్వదు. తీసిన క్షణంలో అదంతా ఒక్కసారిగా మరిగి మొహం మీదికి చిమ్ముతుంది. రాత్రంతా చల్లారనిచ్చి తెల్లారి చూస్తే మట్టం రెండు వేళ్లు దిగింది. అంత మేర పోసి, మళ్లీ గట్టిగా నడిపించి పైపుల మీద థర్మామీటర్ పెడితే పైన 94, కింద 85.