పన్ను తీయించాలంటే అసిట్రోమ్ ఆపాలా?

"మా నాన్నగారికి మైట్రల్ వాల్వ్ తీసి లోహపు వాల్వ్ అమర్చారు. అప్పటినుంచి రోజూ అసిట్రోమ్ 2 మి.గ్రా. వేసుకుంటున్నారు. నిన్నటి ఐఎన్ఆర్ 2.9. కింది దవడలో కదులుతున్న రెండు పళ్ళు తీసేయాలట, ఐదు రోజుల ముందే మాత్ర ఆపేసి రమ్మన్నారు. ఆపితే గుండెకేమవుతుందో, ఆపకపోతే రక్తం ఆగుతుందో లేదోనని నిద్ర పట్టడం లేదు. మీరు చెప్పేదాకా ఆపించను."

ఇలాంటి ఉత్తరం రాసిన కూతురు చేసిన మంచి పని చివరి వాక్యంలో ఉంది. లోహపు వాల్వ్ మీద రక్తం గడ్డకట్టే గుణం ఎప్పుడూ పొంచి ఉంటుంది. మైట్రల్ స్థానంలో ఆ ముప్పు మరీ ఎక్కువ. గడ్డ కడితే వాల్వ్ రెక్కలు బిగుసుకుపోవచ్చు, ముక్క విరిగి మెదడుకు చేరితే పక్షవాతం రావచ్చు. చిగురులోంచి వచ్చే రక్తాన్ని వేలితో నొక్కి ఆపొచ్చు, వాల్వ్ మీది గడ్డను అలా అందుకోలేం. అందుకే ఒకటి రెండు పళ్ళు తీయడానికి సాధారణంగా మాత్ర ఆపరు.

ఐఎన్ఆర్ అంటే రక్తం గడ్డకట్టడానికి ఎంత ఆలస్యమవుతోందో చెప్పే అంకె. మాత్ర వాడనివారిలో అది 1 దగ్గర ఉంటుంది. మైట్రల్ లోహపు వాల్వ్ ఉన్నవారిలో సాధారణంగా 2.5 నుంచి 3.5 మధ్య ఉంచుతారు. అంటే ఈ నాన్నగారి 2.9 ఉండవలసిన చోటే ఉంది. పన్ను తీసే ముందు 24 గంటల్లోపు మళ్ళీ చూస్తారు. 4 దాటితే పళ్ళ పనే వాయిదా వేస్తారు. హద్దులో ఉంటే ఉదయంపూట తీయడం మేలు, రక్తం కారినా పగలే చూడొచ్చు. పన్ను తీసిన గుంటలో జెలటిన్ స్పాంజి పెట్టి కుట్టు వేస్తారు, మీద దూది గుడ్డ పెట్టి గట్టిగా కరిచిపట్టమంటారు. తర్వాత ట్రానెక్సామిక్ ఆమ్లం కలిపిన ద్రవంతో మెల్లగా పుక్కిలించమని కూడా చెబుతుంటారు. ఉమ్మిలో కాస్త ఎర్రదనం ఆ రోజంతా మామూలే. అరగంట నొక్కిపట్టినా నోరు నిండుతుంటే మాత్రం వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి.

అపిక్సబాన్, రివరోక్సబాన్ లాంటి మందుల లెక్క వేరు. వాటిని లోహపు వాల్వ్ వాళ్ళకు ఇవ్వరు, వాటికి ఐఎన్ఆర్ కొలతా పనికిరాదు.

ఉత్తరంలో ఆవిడ అడగనివి రెండున్నాయి. మొదటిది, పన్ను తీయడానికి అరగంట, గంట ముందు వేసే యాంటీబయాటిక్. నోటిలోని సూక్ష్మజీవులు రక్తంలో కలిసి కృత్రిమ వాల్వ్‌కు పట్టుకోకుండా ఇది కావాలి. పెద్దలకు మామూలుగా అమోక్సిసిలిన్ 2 గ్రాములు ఒకేసారి ఇస్తారు, పెన్సిలిన్ పడనివారికి వేరే మందు. రెండోది, పన్ను తీశాక రాసే మాత్రలు. నాకు ఎక్కువ భయం దీని గురించే. పళ్ళ నొప్పికి తరచూ రాసే డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ రక్తస్రావాన్ని పెంచుతాయి, పారాసిటమాల్ మేలు. చిగుళ్ళ చీముకు ఇచ్చే మెట్రోనిడజోల్ అయితే అసిట్రోమ్ ప్రభావాన్ని బాగా పెంచేస్తుంది. ముందు రోజు 2.9 ఉన్న అంకె నాలుగైదు రోజుల్లో ఎంతో పైకి పోవచ్చు, ఆగిన రక్తం మళ్ళీ మొదలుకావచ్చు. ఆ మాత్ర చీటీలో ఉంటే వేసేముందే గుండె డాక్టరుకు చూపించాలి. తప్పనిసరై వాడితే మూడు నుంచి ఐదు రోజుల్లో ఐఎన్ఆర్ మళ్ళీ చేయించాలి.