మళ్లీ తలుపు తట్టడానికీ ఒక లెక్క ఉంది

2025 ఏప్రిల్ 12, శనివారం. కిరాణా కొట్లలోనూ పెట్రోలు బంకుల్లోనూ ఫోన్ తెరల మీద చక్రం తిరుగుతూనే ఉంది. దేశమంతటా యూపీఐ చెల్లింపులు కొన్ని గంటలపాటు మొరాయించాయి. డబ్బు వెళ్లిందో లేదో కొన్నవాడికీ తెలియలేదు, అమ్మినవాడికీ తెలియలేదు.

ఆ తర్వాత యూపీఐని నడిపే ఎన్‌పీసీఐ కారణం వెతికితే విచిత్రమైన సంగతి బయటపడింది. ‘ఫలానా చెల్లింపు ఏమైంది?’ అని అడగడానికి బ్యాంకులకు ఒక దారి ఉంది. దాన్ని చెక్ ట్రాన్సాక్షన్ అంటారు. కొన్ని బ్యాంకుల కంప్యూటర్లు ఆ ఒక్క ప్రశ్ననే అదేపనిగా పంపాయి. ఎప్పుడో పాతబడిన లావాదేవీల గురించి కూడా మళ్లీ మళ్లీ అడిగాయి. ఆ ప్రశ్నల వరదలో అసలు చెల్లింపులకు దారి లేకుండా పోయింది.

జవాబు రాకపోతే మళ్లీ అడగడం తప్పేమీ కాదు. నెట్‌వర్క్ అన్నాక అప్పుడప్పుడూ తెగుతుంది, సర్వర్ అన్నాక ఒక్కోసారి తడబడుతుంది. అందుకే ప్రోగ్రామర్లు దాదాపు ప్రతి యాప్‌లోనూ ‘రీట్రై’ అనే ఏర్పాటు పెడతారు. ఎంత ఆగి అడగాలి, ఏ వైఫల్యానికి అసలు అడగకూడదు అన్న దగ్గరే చిక్కంతా.

పదో తరగతి ఫలితాల ఉదయాన్ని ఊహించుకుందాం. సరిగ్గా పదకొండు గంటలకు పది వేల ఫోన్లు ఒకేసారి ఒక సర్వర్ మీద పడ్డాయి. ఆ సర్వర్ సెకనుకు వెయ్యి మందికి మాత్రమే జవాబు చెప్పగలదు. వెయ్యి మందికి మార్కులు కనిపించాయి, తొమ్మిది వేల మందికి ‘సర్వర్ బిజీ’ అని వచ్చింది. ఆ తొమ్మిది వేల యాప్‌లూ సెకను ఆగి మళ్లీ అడిగితే మళ్లీ వెయ్యి మందికే పని అవుతుంది. మిగతా ఎనిమిది వేలు ఇంకో సెకనుకు మళ్లీ వస్తాయి. లెక్క తెలిసినవాళ్లు ‘ఎలాగూ పది విడతల్లో అయిపోతుంది కదా’ అంటారు. కాగితం మీద నిజమే. కానీ ‘కుదరదు పో’ అని చెప్పడం కూడా సర్వర్‌కు పనే. ఎనిమిది వేల మందిని తిప్పి పంపే శ్రమలో, చెప్పగలిగిన ఆ వెయ్యి మందికి కూడా జవాబు చెప్పలేక కూలబడుతుంది.

దానికి మొదటి మందు, ఎడం పెంచుతూ పోవడం. మొదటిసారి ఒక సెకను, తర్వాత రెండు, ఆపైన నాలుగు, ఎనిమిది. ఇలా రెట్టింపు చేసుకుంటూ పోయే పద్ధతికి ఎక్స్‌పొనెన్షియల్ బ్యాకాఫ్ అని పేరు. చదరంగం గళ్లలో గింజల కథ తెలిసినవారికి ఈ రెట్టింపు ఎంత త్వరగా పెరుగుతుందో చెప్పనక్కర్లేదు.

ఈ మందును మన పది వేల ఫోన్ల మీద వేసి చూస్తే ఏమవుతుంది? తొమ్మిది వేలూ సెకను ఆగాయి, కలిసే వచ్చాయి. ఎనిమిది వేలూ రెండు సెకన్లు ఆగాయి, మళ్లీ కలిసే వచ్చాయి. ఏడు వేలూ నాలుగు సెకన్లు ఆగాయి, అప్పుడూ కలిసే వచ్చాయి. గుంపు గుంపుగానే ఉంది, దాని రాకపోకల మధ్య విరామం మాత్రం పెరిగింది. ఆ విరామంలో సర్వర్ ఈగలు తోలుకుంటూ కూర్చుంది. ఇలా రెట్టిస్తూ పోతే ఆఖరి వెయ్యి మందికి మార్కులు తెలిసేది 511వ సెకనులో, అంటే ఎనిమిదిన్నర నిమిషాలకు. సర్వర్ చేసిన అసలు పని మాత్రం పది సెకన్లదే!

గుంపును చెదరగొట్టేది రెండో మందు, జిట్టర్. ‘రెండు సెకన్లు ఆగు’ అని కాకుండా ‘సున్నా నుంచి రెండు సెకన్ల లోపు నీకు చీటీలో వచ్చినంత సేపు ఆగు’ అని చెప్పడమే అది. ప్రతి ఫోనూ తన చీటీ తానే తీస్తుంది. లెక్క కొంచెం స్థూలంగా వేస్తే ఇలా ఉంటుంది. తొమ్మిది వేల ఫోన్లు మొదటి సెకనంతా పరుచుకుని వస్తాయి, వెయ్యి మందికి పని అవుతుంది. మిగిలిన ఎనిమిది వేలు రెండు సెకన్ల మీద పరుచుకుంటాయి, రెండు వేల మందికి అవుతుంది. ఆరు వేలు నాలుగు సెకన్ల మీద పరుచుకుంటే నాలుగు వేల మంది బయటపడతారు. చివరి రెండు వేలు ఎనిమిది సెకన్ల మీద పరుచుకునేసరికి సెకనుకు రెండు వందల యాభై మందే తలుపు తడుతుంటారు. వాళ్లను తిప్పి పంపాల్సిన పనే లేదు. మొత్తం పదిహేను సెకన్లు. జిట్టర్ లేనప్పుడు సర్వర్ మీద పడిన విన్నపాలు యాభై అయిదు వేలు, ఇప్పుడు ముప్పై అయిదు వేలు.

ఈ ఉపాయం ఇంటర్నెట్ కంటే పాతది. 1971లో హవాయి విశ్వవిద్యాలయంలో నార్మన్ అబ్రామ్సన్ బృందం దీవుల మధ్య రేడియోతో కంప్యూటర్లను కలిపింది. అలోహానెట్ అనే ఆ వ్యవస్థలో రెండు కేంద్రాలు ఒకేసారి మాట్లాడితే మాటలు కలగాపులగమయ్యేవి. అప్పుడు ఎవరికి తోచినంత సేపు వారు ఆగి మళ్లీ పంపేవారు. ఆ ఆలోచనకు ఈథర్‌నెట్ రెట్టింపు లెక్కను జోడించింది. ఢీకొన్నకొద్దీ ఒక హద్దు దాకా చీటీల పరిధి రెట్టింపవుతుంది, పదహారు ప్రయత్నాలూ విఫలమైతే కార్డు చేతులెత్తేస్తుంది. 2015లో అమెజాన్ ఇంజినీర్ మార్క్ బ్రూకర్ రకరకాల జిట్టర్లను లెక్క కట్టి పోల్చి చూపించాక, సున్నా నుంచి పరిధి దాకా చీటీ తీసే ‘ఫుల్ జిట్టర్’ చాలామందికి అలవాటయింది.

జావాస్క్రిప్ట్‌లో రాస్తే ఇది పది పన్నెండు వరుసల పని.

```js
async function retry(fn, tries = 5, base = 500, cap = 20000) {
  for (let i = 0; ; i++) {
    try {
      return await fn();
    } catch (err) {
      if (i + 1 >= tries || !worthRetrying(err)) throw err;
      const limit = Math.min(cap, base * 2 ** i);
      const wait = Math.random() * limit;
      await new Promise(r => setTimeout(r, wait));
    }
  }
}
```

అంకెలు మిల్లీసెకన్లలో ఉన్నాయి. అర సెకనుతో మొదలై పరిధి రెట్టింపవుతుంది. ప్రయత్నాల సంఖ్య పెంచుకున్నా ఇరవై సెకన్లు దాటకుండా `cap` ఆపుతుంది. చీటీ తీసేది `Math.random()`.

చిన్న కోడే అయినా ఇందులో పడే గుంటలు ఉన్నాయి. అసింక్ ఫంక్షన్‌ను పిలిస్తే వెంటనే ఫలితం రాదు, హోటల్ కౌంటర్‌లో ఇచ్చినట్టు ఒక టోకెన్ వస్తుంది. దాన్నే ప్రామిస్ అంటారు. వంట పూర్తయితే ఆ టోకెన్ మీద ప్లేటు ఇస్తారు, పాడైతే ‘లేదు’ అంటారు. కొత్తగా రాసేవారు `retry(getMarks)` అనకుండా `retry(getMarks())` అని ఒక జత బ్రాకెట్లు ఎక్కువ పెడుతుంటారు. అప్పుడు లోపలికి వెళ్లేది వంట చెప్పే పద్ధతి కాదు, అప్పటికే తెంపేసిన ఒక టోకెన్. పైన చూపిన కోడ్ దాన్ని పిలవబోయి ‘ఇది ఫంక్షన్ కాదు’ అని గోల పెడుతుంది, అది మేలే. టోకెన్లను కూడా తీసుకునేలా రాసిన చోట మాత్రం ‘లేదు’ అన్న పాత టోకెన్‌నే అయిదుసార్లు తిప్పి చూసుకున్నట్టవుతుంది. దీన్ని పట్టుకోవడం తేలికే. యాప్ లాగ్‌లో అయిదు ప్రయత్నాలుంటాయి, సర్వర్ లాగ్‌లో ఒక్కటే ఉంటుంది.

ఇంకో గుంట `fetch` దగ్గర. నెట్ తెగితే అది తప్పు జరిగిందని చెబుతుంది. సర్వర్ ‘503’ అని జవాబిస్తే మాత్రం జవాబు వచ్చింది కాబట్టి అంతా సవ్యమే అనుకుంటుంది. `response.ok` చూసి, కాకపోతే మనమే `throw` చేయాలి. లేకపోతే పైనున్న `catch` ఎన్నటికీ మేలుకోదు.

ఇక `worthRetrying`. పది వరుసలూ ఒక ఎత్తయితే ఈ ఒక్క పేరు ఒక ఎత్తు. ఫోన్ చేసినప్పుడు ‘నంబరు బిజీగా ఉంది’ అంటే కాసేపాగి చేస్తాం. ‘ఈ నంబరు ఉపయోగంలో లేదు’ అంటే పదిసార్లు నొక్కినా లాభం లేదు. సర్వర్లూ ఇలాగే సంకేతాలిస్తాయి. 400 అంటే అడిగిన తీరే తప్పు, 401 అంటే నువ్వెవరో తెలియదు, 403 అంటే నీకు అనుమతి లేదు, 404 అంటే ఆ వస్తువు లేదు. వీటికి మళ్లీ అడగకూడదు. తప్పు పాస్‌వర్డ్‌తో అయిదుసార్లు తిరిగి ప్రయత్నించే యాప్ ఖాతాకు తాళం వేయించి పెడుతుంది. 429 అంటే మరీ ఎక్కువసార్లు అడుగుతున్నావని, 503 అంటే ప్రస్తుతానికి చేతకాదని. ఇవి ఆగి అడగదగ్గవి. వీటితో పాటు `Retry-After` అనే గడువు వస్తే మన చీటీని పక్కనబెట్టి కనీసం అంతసేపు ఆగాలి.

అన్నిటికంటే జటిలమైనది ఏ సంకేతమూ రాని వైఫల్యం, టైమౌట్. విన్నపం దారిలోనే పోయిందా, లేక పని పూర్తయి జవాబు మాత్రమే దారిలో పోయిందా? అడిగినవాడికి రెండూ ఒకేలా కనిపిస్తాయి. మార్కులు చూడటమైతే మళ్లీ అడిగినా నష్టం లేదు. ‘అయిదు వందలు పంపు’ అని మళ్లీ అడిగితే వెయ్యి వెళ్లవచ్చు. అందుకే చెల్లింపుల వ్యవస్థల్లో ప్రతి లావాదేవీకి ముందే ఒక ప్రత్యేక సంఖ్య కేటాయిస్తారు. ఎన్ని ప్రయత్నాలు చేసినా అదే సంఖ్య వెళ్లాలి. సర్వర్ ఆ సంఖ్యను ఇంతకుముందే చూసి ఉంటే డబ్బు మళ్లీ కదపకుండా పాత జవాబే ఇస్తుంది. ప్రయత్నానికొక కొత్త సంఖ్య పుట్టించే కోడ్ రాస్తే ఈ రక్షణ అంతా వృథా. అలాంటి ఏర్పాటు లేని చోట డబ్బు పంపే విన్నపానికి టైమౌట్ వస్తే మళ్లీ పంపకూడదు. ముందు ఏమైందో అడిగి తెలుసుకోవాలి.

అలా అడగడమే మొదట్లో చెప్పిన చెక్ ట్రాన్సాక్షన్. అంటే ఆ బ్యాంకులు ఎంచుకున్న దారి సరైనదే, ఎక్కడ ఆగాలో మాత్రం వాటికి లెక్క లేదు. పైగా రీట్రైలు పొరలు పొరలుగా ఉంటే గుణించుకుంటాయి. యాప్ నాలుగుసార్లు, దాని వెనుక సర్వర్ నాలుగుసార్లు, దాని వెనుక ఇంకొకటి నాలుగుసార్లు ప్రయత్నిస్తే, వినియోగదారుడు ఒక్కసారి నొక్కినా చిట్టచివరి డేటాబేస్ మీద 64 దెబ్బలు పడతాయి. ఏదో ఒక్క పొరలోనే రీట్రై పెట్టాలని అనుభవజ్ఞులు పట్టుబట్టేది ఇందుకే.

ఏప్రిల్ సంఘటన తర్వాత ఎన్‌పీసీఐ బ్యాంకులకూ యాప్‌లకూ హద్దులు గీసింది. 2025 ఆగస్టు 1 నుంచి అమలైన ఆ నిబంధనల ప్రకారం, పెండింగ్‌లో పడిన చెల్లింపు స్థితిని మూడుసార్లకు మించి అడగకూడదు, అడిగిన రెండుసార్ల మధ్య 90 సెకన్ల ఎడం ఉండాలి. అందులో రెట్టింపూ లేదు, జిట్టరూ లేదు. చెల్లింపులు రోజంతా వేర్వేరు క్షణాల్లో మొదలవుతాయి కాబట్టి మామూలు రోజున వాటి గురించిన ప్రశ్నలు కూడా చెదిరే వస్తాయి. వ్యవస్థ మొత్తం ఒక్కసారిగా ఆగి లేచిన రోజున మాత్రం ఆ 90 సెకన్లకు జిట్టర్ కలుపుకున్న యాప్‌లే సర్వర్ మీద గుంపుగా పడకుండా ఉంటాయి.