తలుపు కింద గాలి రాకపోతే ఫ్యాన్ దేన్ని లాగుతుంది?

సబ్బవరంలో మా పిన్ని గారి ఇల్లు చిన్న స్థలంలో కట్టింది. రెండు పక్కలా పొరుగువాళ్ల గోడలు ఆనుకునే ఉంటాయి. ఆనందపురం నుంచి అనకాపల్లి వెళ్లే రోడ్డు ఆరు వరుసలయ్యాక ఆ చుట్టుపక్కల వచ్చిన ఇళ్లలో చాలావరకు ఇలాంటివే. వీధి వైపు హాలు, వెనక వైపు వంటిల్లు ఉంటాయి. మధ్యలో పడకగది, దాన్ని ఆనుకుని బాత్రూం. నాలుగు గోడలూ ఇంటి లోపలివే కాబట్టి కిటికీ పెట్టడానికి చోటే లేదు. మేస్త్రి తలుపు పైన చతురస్రంగా కంత వదిలి అందులో తొమ్మిది అంగుళాల ఎగ్జాస్ట్ ఫ్యాన్ బిగించి వెళ్లాడు.

అది మంచి ఫ్యానే, మోత కూడా బాగానే చేస్తుంది. అయినా తలుపుకు ఎదురుగా, షవర్ పైన సీలింగు మూలలో నల్లటి బూజు పట్టింది. పిన్ని నెలకోసారి బ్లీచింగ్ నీళ్లతో తుడిచేది. పోయేది, రెండు వారాల్లో మళ్లీ వచ్చేది. ఎలక్ట్రీషియన్ వచ్చి చూసి, "పెద్ద ఫ్యానే పెట్టేం కదండీ, మరెందుకు ఆరట్లేదో తెలీట్లేదు. పన్నెండంగుళాలది పెట్టమంటారేటి?" అన్నాడు. పెట్టించకుండా ఆపాను. ఎందుకు ఆపానో చెప్పడానికే ఈ వ్యాసం.

ముందు ఆ తేమ ఎక్కడిదో తేల్చుకోవాలి. గోడలోంచి ఊరే నీటిని ఏ ఫ్యానూ ఆపలేదు. పైపు కారినా, పై అంతస్తు బాత్రూం నుంచి నీరు దిగినా మచ్చ ఒకచోట మొదలై పాకుతుంది. రంగు పెచ్చులుగా లేస్తుంది, తెల్లటి ఉప్పుపొడి రాలుతుంది. గాలిలో తేమ వల్ల వచ్చే బూజు అలా ఉండదు. నల్లటి చుక్కలు చుక్కలుగా, గాలి కదలని మూలల్లో, సీలింగుకు దగ్గరగా పడుతుంది, గుడ్డతో తుడిస్తే వస్తుంది. అనుమానం ఉంటే అడుగు చదరం ప్లాస్టిక్ కవరును గోడకు నాలుగు వైపులా టేపుతో గట్టిగా అంటించి ఒక రోజు వదిలేయండి. కవరు లోపలి వైపు నీటి బొట్లు కనిపిస్తే ఊట గోడలోంచి వస్తున్నట్టు. అప్పుడు పిలవాల్సింది ప్లంబర్‌ని. పిన్ని ఇంట్లో కవరు లోపల పొడిగానే ఉంది.

తర్వాత అగరుబత్తి వెలిగించి ఫ్యాన్ వేసి, తలుపు మూసి చూశాం. తలుపు దగ్గర పట్టుకుంటే పొగ చక్కగా ఫ్యాన్‌లోకి లేచింది. బూజు మూలకు తీసుకెళ్తే మాత్రం నిటారుగా లేచి, అక్కడక్కడే తిరిగి చెదిరిపోయింది. తలుపు సందులోంచి వచ్చిన కొద్దిపాటి గాలి దాని నెత్తి మీదే ఉన్న ఫ్యాన్‌లోంచి అటే బయటికి పోతోంది. గది అవతలి సగానికి ఫ్యాన్ ఉన్న సంగతే తెలియదు. పైగా ఆ ఫ్యాన్ తడిగాలిని వదులుతున్నది తలుపు బయటి నడవాలోకి. నడవా నుంచి అదే గాలి మళ్లీ తలుపు కిందుగా లోపలికి వస్తోంది.

అసలు సంగతి తలుపు అంచు దగ్గర బయటపడింది. పీవీసీ తలుపు, కింద గ్రానైట్ గడప. వాటి మధ్య సందు ఐదు మిల్లీమీటర్లే. ఫ్యాన్ గాలిని తయారు చెయ్యదు. ఎంత లోపలికి వస్తే అంతే బయటికి పంపగలదు. తొమ్మిది అంగుళాల ఫ్యాన్ డబ్బా మీద గంటకు 500 ఘనమీటర్లకు పైగా అని ఉంటుంది. అది ఎదురూ అడ్డూ లేని చోట కొలిచిన లెక్క. రెండడుగుల మూడంగుళాల వెడల్పు తలుపు కింద ఐదు మిల్లీమీటర్ల సందులోంచి అలాంటి ఫ్యాన్ లాగగలిగేది గంటకు యాభై ఘనమీటర్ల దగ్గర ఆగిపోతుంది. మిగతా బలమంతా రెక్కల చుట్టూ గాలిని సుళ్లు తిప్పడానికీ, మోతకీ పోతుంది. పన్నెండంగుళాలది పెట్టినా ఆ సందు మారదు. మీ ఇంట్లో ఇది తెలుసుకోవాలంటే ఫ్యాన్ తిరుగుతుండగా తలుపును రెండంగుళాలు తెరవండి. ఫ్యాన్ శబ్దం మారితే, అప్పటిదాకా అది ఊపిరాడకుండా తిరుగుతోందన్నమాట.

మరి ఎంత ఫ్యాన్ కావాలి? ఆ బాత్రూం ఐదడుగులకు ఏడడుగులు, ఎత్తు తొమ్మిది. అంటే దాదాపు తొమ్మిది ఘనమీటర్ల గాలి. అమెరికాలో వాడే లెక్క ప్రకారం ప్రతి చదరపు అడుగు నేలకు నిమిషానికి ఒక ఘనపుటడుగు గాలి బయటికి పోవాలి. గది ఎంత చిన్నదైనా నిమిషానికి 50 ఘనపుటడుగులకు తగ్గకూడదు. మన డబ్బాల మీద గంటకు ఘనమీటర్లలో రాస్తారు కాబట్టి 1.7తో గుణించుకోవాలి. 50కి 85 వస్తుంది. అంటే గదిలో గాలి గంటకు తొమ్మిదిసార్లకు పైగా మారుతుంది. పెద్ద సంఖ్యేం కాదు, నాలుగంగుళాల ఫ్యాన్‌తో అయ్యే పనే. కాకపోతే గొట్టం, వంపులు, జాలీ అన్నీ దాటాక కూడా ఆ 85 నిజంగా బయటికి రావాలి.

ఈ లెక్కకు మన తీరం ఇంకో మెలిక పెడుతుంది. చల్లటి దేశాల్లో బయటి గాలి పొడిగా ఉంటుంది కాబట్టి బాత్రూంలోకి రాగానే నీళ్లు బాగా పీల్చుకుంటుంది. విశాఖ చుట్టుపక్కల వర్షాకాలంలో గాలిలో తేమ 75, 80 శాతం దగ్గరే ఉంటుంది. 30 డిగ్రీల వేడిలో ఒక ఘనమీటరు గాలి మోయగలిగే నీరు దాదాపు 30 గ్రాములు. అందులో 24 గ్రాములు ముందే నిండి ఉంటే, మన బాత్రూంలో అది కొత్తగా తీసుకోగలిగేది ఆరు గ్రాములే. స్నానం అయ్యాక నేల మీదా గోడల మీదా పల్చగా మిగిలే నీరు అర లీటరు ఉందనుకుందాం. 500 గ్రాముల్ని ఆరుతో భాగిస్తే 83 ఘనమీటర్ల గాలి కావాలి. గంటకు 85 లాగే ఫ్యాన్‌కు అది దాదాపు గంట పని. బయటికి పోయే గాలి పూర్తిగా నిండి పోదు కాబట్టి నిజంగా ఇంకా ఎక్కువే పడుతుంది.

స్నానం చేసి వచ్చి పది నిమిషాలకే స్విచ్ కట్టేసే మన అలవాటు ఇక్కడే దెబ్బ తీస్తుంది. ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో గంట, గంటన్నర తిరగాల్సిందే. పాతిక వాట్ల ఫ్యాన్ రోజుకు రెండు గంటలు తిరిగితే నెలకు ఒకటిన్నర యూనిట్ కరెంటు. అది చూసి వెనకాడక్కర్లేదు. మర్చిపోతారనుకుంటే టైమర్ స్విచ్ పెట్టించుకోండి. అంతకన్నా చవకైనది రబ్బరు వైపర్. ఒక నిమిషం గోడలూ నేలా లాగేస్తే ఆ అర లీటరులో ఎక్కువ భాగం నేరుగా నహానీ ట్రాప్‌లోకి పోతుంది. అప్పుడు ఫ్యాన్ పని సగానికి పైగా తగ్గుతుంది. తేమ నిండిన మన గాలితో ఆరబెట్టడం కన్నా వైపర్‌తో తోసెయ్యడమే తేలిక.

పడకగదిలో ఏసీ ఉంటే ఇంకో మాట. ఏసీ గది గాలిలో నీరు చాలా తక్కువ. 24 డిగ్రీల దగ్గర ఘనమీటరుకు పన్నెండు గ్రాముల చొప్పునే ఉంటుంది. బాత్రూం తలుపు పడకగదిలోకే ఉంటే, ఏసీ నడుస్తున్నప్పుడు అరగంట ఫ్యాన్ వేస్తే ఆ గాలి తలుపు కిందుగా వచ్చి చాలా త్వరగా ఆరబెడుతుంది. కానీ ఆ రెండు గదుల మధ్య గోడ చల్లబడుతుంది. బాత్రూంలో తడిగాలి నిలిచి ఉంటే సరిగ్గా ఆ గోడ మీదే తేమ చేరి బూజు మొదలవుతుంది. పిన్ని ఇంట్లో బూజు పట్టిన మూల కూడా ఆ గోడదే.

ఇక మేం చేసిన మార్పులు. తలుపును కింద కోయించి సందు ఇరవై మిల్లీమీటర్లు చేశాం. తలుపు పైన ఉన్న పాత కంతను మూసేశాం. గాలి లోపలికి తీసుకునే జాలీని తలుపుకు ఎదురుగా, షవర్ పైన, సీలింగుకు అరడుగు కింద పెట్టాం. ఇప్పుడు గాలి తలుపు కింద నుంచి మొదలై తడి నేల మీదుగా పోయి, ఆవిరి చేరే మూలలోంచి బయటికి పోవాలి. అక్కడి నుంచి నాలుగంగుళాల పీవీసీ గొట్టం వంటింటి అటక మీదుగా పది అడుగులు నడిచి, రెండు వంపులు తిరిగి వెనక గోడ బయట తేలుతుంది. కొన్ని ఇళ్లలో గొట్టాన్ని అటకలోనో ఫాల్స్ సీలింగు లోపలో వదిలేస్తారు. దాంతో బాత్రూం బూజు అక్కడికి మారుతుంది, అంతే. గొట్టం కచ్చితంగా ఆకాశం కనిపించే చోటికి చేరాలి.

ఆ పది అడుగులూ ఆ వంపులూ గాలికి అడ్డు. గోడకు బిగించే మామూలు నాలుగంగుళాల ఫ్యాన్ ఆ అడ్డును దాటలేదు. తిరుగుతుంది కానీ గొట్టం చివర దీపం కూడా ఆరదు. అందుకే గొట్టం మధ్యలో బిగించే ఇన్‌లైన్ ఫ్యాన్ తీసుకున్నాం. షాపులో అడిగేటప్పుడు ఘనమీటర్లతో పాటు అది ఎంత ఒత్తిడి తోయగలదో కూడా అడగండి. పాస్కల్స్ అని రాసి ఉంటుంది. ఇలాంటి గొట్టానికి కనీసం నలభై పాస్కల్స్ దగ్గర కూడా 85 ఘనమీటర్లు ఇవ్వగలిగినది కావాలి. ముడతల గొట్టం వద్దు. అది గాలిని ఎక్కువగా ఆపుతుంది, మధ్యలో కుంగిపోయి నీళ్లు నిలుపుకుంటుంది. గొట్టం బయటి వైపుకు కొంచెం వాలుగా ఉండాలి. లోపల పేరుకున్న తేమా, బయట నుంచి కొట్టిన వానా వెనక్కి జారి ఫ్యాన్ మోటార్ మీద పడకూడదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు వాన అడ్డంగా కొట్టడం ఇక్కడి వాళ్లంతా చూశారు. చివర కిందికి వంచిన మూతి, దోమలకు జాలీ ఉండాలి. ఆ జాలీని మూడు నెలలకోసారి బ్రష్ చెయ్యాలి, లేకపోతే నూలుపోగులూ దుమ్మూ కలిసి దాన్ని మూసేస్తాయి.

చివర్లో గాలి కొలిచాం. నూరు లీటర్ల చెత్త కవరును చదునుగా చేసి గొట్టం మూతికి పట్టుకుంటే నాలుగు సెకన్లలో నిండింది. అంటే సెకనుకు పాతిక లీటర్లు, గంటకు తొంభై ఘనమీటర్లు. ఎనిమిది సెకన్లు పట్టి ఉంటే సగమే వస్తోందని, ఎక్కడో అడ్డు ఉందని తెలిసేది.

ఒక హెచ్చరిక మాత్రం గట్టిగా చెప్పాలి. కిటికీ లేని బాత్రూంలో గ్యాస్ గీజర్ ఉంచకూడదు. ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఉంది కదా అని ధైర్యపడటం ఇంకా ప్రమాదం. గదిలో గాలి చాలనప్పుడు గీజర్ పొగను ఫ్యాన్ వెనక్కి, లోపలికే లాగగలదు. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన లేదు. గ్యాస్ గీజర్ ఉంటే దాన్ని ఇంటి బయటి గోడకు మార్పించండి, లేదా కరెంటు గీజర్ పెట్టుకోండి.

పిన్ని ఇంట్లో ఒక వర్షాకాలం గడిచింది. ఆ మూలలో చుక్క పడలేదు. తొమ్మిది అంగుళాల పాత ఫ్యాన్ ఇప్పుడు వంటింట్లో, బయటి గోడకు బిగించి ఉంది. బాత్రూంకు పెద్ద ఫ్యాన్ కొనాలని మీరూ అనుకుంటున్నారా? షాపుకు వెళ్లే ముందు తలుపు మూసి, కింద సందు ఎన్ని మిల్లీమీటర్లు ఉందో స్కేలు పెట్టి కొలవండి.