ఒక్కసారికే అన్న షరతు

ఫొటోను చూసి రంగులు, గీతలు మార్చి వేసిన బొమ్మపై హక్కు ఎవరిది? అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్లిన ఓ పేచీ 400 డాలర్ల ఒప్పందంతో మొదలైంది.

గాయకుడు ప్రిన్స్‌ను 1981లో ఫొటో తీసింది లిన్ గోల్డ్‌స్మిత్. 1984లో వానిటీ ఫెయిర్ పత్రిక ఆ ఫొటో ఆధారంగా బొమ్మ వేయించుకోవడానికి 400 డాలర్లు చెల్లించింది. ఒక్కసారే వాడుకోవాలి, ఆమె పేరు వేయాలి. ఇవీ షరతులు. బొమ్మ వేసిన ఆండీ వార్హోల్ ఒక్కదానితో ఆగలేదు, అదే ఫొటోతో మొత్తం 16 చేశారు. 2016లో ప్రిన్స్ చనిపోయాక, ఆ పత్రిక మాతృసంస్థ నారింజ రంగు బొమ్మను ప్రత్యేక సంచిక ముఖచిత్రంగా వేసి, వార్హోల్ ఫౌండేషన్‌కు 10,000 డాలర్లు ఇచ్చింది. గోల్డ్‌స్మిత్‌కు డబ్బూ లేదు, పేరూ లేదు.

2023 మేలో కోర్టు 7–2 తేడాతో ఆమె వైపు నిలిచింది. శైలి మారినా వాడుక మారలేదన్నది తీర్పు సారం: ఫొటో అయినా, బొమ్మ అయినా ప్రిన్స్ గురించిన పత్రికా కథనానికే కదా! అసలు బొమ్మను గీయడం, ప్రదర్శించడం, అమ్మడం సంగతి మాత్రం కోర్టు తేల్చలేదు. బొమ్మ ఒకటే అయినా ప్రతి వాడుకనూ విడిగా చూడాలన్నమాట.

మన దగ్గర పద్ధతి కొంచెం వేరు. మీ పెళ్లి ఫొటో ఇచ్చి, డబ్బు కట్టి కార్టూన్ శైలిలో బొమ్మ గీయించుకున్నారనుకోండి. 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం, వేరే ఒప్పందం లేకపోతే ఆ బొమ్మకు తొలి హక్కుదారు గీయించుకున్న మీరే. చాలామందికి ఇది తెలియదు. అయితే ఆ 'వేరే ఒప్పందం' చాలాసార్లు ఆర్డర్ ఫారంలోనే చిన్న అక్షరాల్లో ఉంటుంది: హక్కులు చిత్రకారుడివే, మీకు సొంత వాడకానికి అనుమతి. అప్పుడు ఇంట్లో ఫ్రేమ్ కట్టించుకోవచ్చు. ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టుకోవచ్చో లేదో అందులోనే చూసుకోవాలి. మగ్గుల మీద వేసి అమ్మడం మాత్రం కుదరదు. పోస్ట్ చేస్తే దాన్ని చూపించే అనుమతి ఆ వేదికకు దక్కుతుందే గానీ, చూసినవాళ్లు డౌన్‌లోడ్ చేసి ప్రింట్లు తీసి అమ్ముకునే హక్కు రాదు.

పెళ్లి ఫొటోకు బదులు సినిమా స్టిల్ ఇచ్చి గీయించుకుంటే, చిత్రకారుడి అనుమతి ఒక్కటీ చాలదు. ఆ స్టిల్ హక్కుదారు దగ్గర కూడా తీసుకోవాలి. గోల్డ్‌స్మిత్ గొడవ సరిగ్గా ఇదే.

అమ్మకానికి లైసెన్స్ తీసుకుంటే అది రాతలో ఉండాలి. గడువు రాయకపోతే ఐదేళ్లే, ప్రాంతం రాయకపోతే భారతదేశానికే వర్తిస్తుంది. డాలస్‌లో తెలుగు సంబరాల్లో స్టాల్ పెట్టి అదే పోస్టర్ అమ్మాలంటే అమెరికా పేరు కాగితంలో ఉండాల్సిందే. 'ఏ3 సైజు, 50 ప్రింట్లు, భారత్, అమెరికా, రెండేళ్లు, కింద చిత్రకారుడి పేరు' అని ఒక్క వరుసలో రాయించుకున్నా సరిపోతుంది. యాభై ఒకటో ప్రింటుకు మళ్లీ అడగాలి.