సంక్రాంతి నెల మెస్ బిల్లు ఎందుకు పెరుగుతుంది?

జనవరి మెస్ బిల్లు నోటీస్ బోర్డు మీద పడగానే హాస్టల్లో రెండు రకాల గోల మొదలవుతుంది. పండక్కి ఊరెళ్లొచ్చిన వాళ్లేమో "నేను పన్నెండు రోజులు లేను, తొమ్మిది రోజులకే రిబేట్ ఇచ్చారేంటి?" అంటారు. ఎక్కడికీ వెళ్లకుండా ఇక్కడే ఉన్నవాళ్లేమో "డిసెంబర్‌లో తిన్న అన్నమే, అదే పప్పే. రోజు రేటు ఎందుకు పెరిగింది?" అంటారు. రెండు ప్రశ్నలకీ జవాబు ఒకే ఎక్సెల్ షీట్‌లో ఉంది. ఈ సెమిస్టర్ మెస్ కమిటీలో ఆ షీట్ పని నాకు పడింది కాబట్టి, అది లోపల ఎలా నడుస్తుందో రాస్తున్నా.

ముందు ఒక విషయం. మాది డివైడింగ్ సిస్టమ్. అంటే కాంట్రాక్టర్ ఎవరూ లేరు, రోజుకి ఇంత అని ముందే కట్టిన రేటూ లేదు. నెలంతా బియ్యం, పప్పు, నూనె, కూరగాయలు, పాలు, గ్యాస్, వంటవాళ్ల జీతాలు అన్నీ కలిపి ఎంత ఖర్చయిందో చూసి, దాన్ని అందరం పంచుకుంటాం. మెస్‌కి లాభం ఉండదు, నష్టం ఉండదు. కాంట్రాక్టర్ ఉన్న మెస్‌లో రిబేట్ ఇస్తే ఆ డబ్బు కాంట్రాక్టర్ జేబులోంచి పోతుంది. మా దగ్గర అలా కాదు. ఒకరికి తగ్గించిన ప్రతి రూపాయీ మిగతావాళ్ల బిల్లులోకి వెళ్లి కూర్చుంటుంది. రిబేట్ అనగానే ఎవరో మనకి డబ్బులు వెనక్కి ఇస్తున్నట్టు అనిపిస్తుంది కానీ, నిజానికి అది పక్క రూమ్ వాడు కడుతున్నదే.

లెక్క తేలిగ్గా ఉండాలని గుండ్రటి అంకెలు తీసుకుంటా. హాస్టల్లో 150 మంది. జనవరికి 31 రోజులు. అందరూ నెలంతా ఉంటే 150 × 31 = 4,650 మెస్ డేస్. మెస్ డే అంటే ఒక మనిషి ఒక రోజు తిండి. పండగ సెలవులకి మంజూరైన రిబేట్ రోజులు 1,150 అనుకుందాం. మిగిలినవి 3,500 మెస్ డేస్. ఖర్చేమో సరుకులకి 2,80,000, జీతాలు, మరమ్మతుల్లాంటి వాటికి 1,05,000. మొత్తం 3,85,000 రూపాయలు. దాన్ని 3,500తో భాగిస్తే రోజుకి 110.

ఇప్పుడు డిసెంబర్ చూడండి. అప్పుడు రిబేట్ రోజులు 150 మాత్రమే, అంటే 4,500 మెస్ డేస్. సరుకుల ఖర్చు 3,60,000. జీతాలు అవే 1,05,000. మొత్తం 4,65,000ని 4,500తో భాగిస్తే 103 రూపాయల 33 పైసలు. సరుకుల వరకే చూస్తే రెండు నెలల్లోనూ మనిషికి రోజుకి పడింది సరిగ్గా 80 రూపాయలే. కందిపప్పు ధర పెరగలేదు, ఎవరూ ఏమీ తినెయ్యలేదు. పండక్కి సగం హాస్టల్ ఖాళీ అయితే బియ్యం తక్కువ ఉడుకుతుంది కానీ, వంట మాస్టర్ జీతం సగం కాదు కదా. ఆ మారని 1,05,000ని తక్కువ మెస్ డేస్ మీద పంచాల్సి వచ్చింది, అందుకే రేటు పెరిగింది.

దీని భారం ఎవరి మీద పడుతుంది? పండక్కి కూడా ఊరెళ్లని వాళ్ల మీద. ఇల్లు చాలా దూరమై రానూపోనూ టికెట్ ఖర్చు భరించలేని వాళ్లు, బ్యాక్‌లాగ్‌లు రాసేవాళ్లు ఇలాంటివాళ్లే ఎక్కువగా ఉండిపోతారు. 31 రోజులూ ఉన్నవాడికి 110 చొప్పున 3,410 వస్తుంది. అందుకే కమిటీలో మేము లెక్కని రెండు ముక్కలు చేశాం. జీతాలవీ తలకింత: 1,05,000ని 150తో భాగిస్తే ఒక్కొక్కరికి 700. సరుకులవి రోజుకింత: 2,80,000ని 3,500తో భాగిస్తే 80. అప్పుడు 31 రోజులు ఉన్నవాడి బిల్లు 700 + 2,480 = 3,180. పాత పద్ధతి కన్నా 230 రూపాయలు తక్కువ.

ఆ 230 ఎక్కడి నుంచి వచ్చింది? ఎక్కువ రోజులు లేనివాళ్ల దగ్గర్నుంచి. నెలలో ఆరు రోజులే ఉన్నవాడికి పాత పద్ధతిలో 660 వచ్చేది, ఇప్పుడు 700 + 480 = 1,180 వస్తుంది. "ఆరు రోజుల తిండికి పదకొండు వందలా!" అని వాడు అడిగితే తప్పనలేం. కానీ వాడు తిరిగొచ్చే రోజుకి పొయ్యి వెలిగి ఉండాలంటే ఆ నెల కూడా వంటవాళ్లకి జీతం ఇవ్వాలి. అందులో వాడి వాటా వాడు కట్టడమే న్యాయమని నా అభిప్రాయం. మా కమిటీలో అందరూ దీనికి ఒప్పుకోలేదు, వోటింగ్ దాకా వెళ్లింది.

ఇక మొదటి ప్రశ్న. పన్నెండు రోజులు లేకపోతే తొమ్మిదికే రిబేట్ ఎందుకు? మా రూల్ ఏంటంటే, ముందురోజే అప్లికేషన్ ఇవ్వాలి, వరసగా కనీసం మూడు రోజులు లేకుండా ఉండాలి. ఇది పీనాసితనం కాదు. రేపటి కూరగాయలకి, పాలకి ఇండెంట్ ఈరోజే వెళ్తుంది. ఇద్దరు ఒక పూట తగ్గారని మాస్టర్ సాంబార్ తగ్గించడు. వరసగా కొన్ని రోజులు కొంతమంది ఉండరని ముందే తెలిస్తేనే ఇండెంట్ తగ్గుతుంది, నిజంగా డబ్బు మిగులుతుంది.

షీట్‌లో కష్టమైన చోటు ఇదే. `Att` అనే షీట్‌లో ప్రతి విద్యార్థికి ఒక వరుస ఉంటుంది. D నుంచి AH దాకా 31 గడులు, ఒక్కో రోజుకి ఒకటి. తిన్నవాడికి P, చెప్పి వెళ్లినవాడికి A, చెప్పకుండా మాయమైనవాడికి X. ఊరికే A లు లెక్కపెడితే వరసగా ఉన్నవేవో, విడివిడిగా ఉన్నవేవో తెలియదు. అందుకని `Run` అని ఇంకో షీట్ పెట్టాం. అందులో D2 గడిలో ఈ ఫార్ములా రాసి AH దాకా లాగాలి:

```
=IF(Att!D2="A", C2+1, 0)
```

ఈరోజు A అయితే నిన్నటి అంకెకి ఒకటి కలుపుతుంది, కాకపోతే సున్నా. కాబట్టి వరసగా ఐదు రోజులు లేనివాడికి 1, 2, 3, 4, 5 అని కనిపిస్తుంది. తర్వాత రిబేట్ రోజులు:

```
=COUNTIF(D2:AH2,">=3") + 2*COUNTIF(D2:AH2,3)
```

మొదటి ముక్క మూడు, అంతకన్నా పెద్ద అంకెలు ఎన్ని ఉన్నాయో చెబుతుంది. 1, 2, 3, 4, 5లో అలాంటివి మూడే. మొదటి రెండు రోజులు ఇంకా బయటే ఉండిపోయాయి. సరిగ్గా 3 అనే అంకె ఒక వరసలో ఒక్కసారే వస్తుంది కాబట్టి, అది కనిపించిన ప్రతిసారీ ఆ వదిలేసిన రెండు రోజుల్ని కలుపుతాం. 3 + 2 = 5. రెండు రోజులకే తిరిగొచ్చేసిన వాడి వరసలో 3 రాదు, వాడికి సున్నా. నాకు ఈ షీట్ మొత్తంలో బాగా నచ్చిన లైను ఇదే.

ఒక విద్యార్థి వరుస చూద్దాం. 5, 6 తేదీల్లో లేడు. 11 నుంచి 19 దాకా పండక్కి వెళ్లాడు. 27న ఒక్కరోజు లేడు. మూడుసార్లూ అప్లికేషన్ ఇచ్చే వెళ్లాడు. A లు మొత్తం పన్నెండు. `Run`లో 5, 6కి 1, 2 వచ్చి ఆగిపోతుంది. 11 నుంచి 19కి 1 నుంచి 9 దాకా వస్తుంది. 27కి 1. మూడు, ఆ పైన ఉన్న అంకెలు ఏడు, 3 ఒకసారి, కాబట్టి 7 + 2 = 9. బిల్లు కట్టాల్సిన రోజులు 31 − 9 = 22. బిల్లు 700 + 22 × 80 = 2,460 రూపాయలు. పన్నెండు రోజులూ ఇచ్చి ఉంటే 2,220 అయ్యేది. గొడవంతా ఆ 240 గురించే.

ఇందులో ఒక నిజమైన అన్యాయం కూడా ఉండేది. డిసెంబర్ 30, 31, జనవరి 1, 2 నాలుగు రోజులు వరసగా లేనివాడికి పాత షీట్‌లో ఏమీ వచ్చేది కాదు, ఎందుకంటే నెల మారగానే లెక్క మళ్లీ ఒకటి నుంచి మొదలయ్యేది. రెండు నెలల్లోనూ రెండేసి రోజులే కనిపించేవి. దీనికి మందు `Run` షీట్‌లోని C కాలమ్. అందులో పోయిన నెల చివరి అంకెని విలువగా పేస్ట్ చేస్తాం. ఇతనికి అది 2. అప్పుడు జనవరి 1, 2 తేదీలకి 3, 4 వస్తాయి. ఫార్ములా 2 + 2 = 4 రోజులు ఇస్తుంది. డిసెంబర్‌లో పోయిన రెండు రోజులూ జనవరి బిల్లులో, జనవరి రేటుకి తిరిగొచ్చేస్తాయి. డిసెంబర్‌లోనే మూడు రోజులు దాటి రిబేట్ వచ్చేసి ఉంటే జనవరి 4 నుంచో 5 నుంచో మొదలవుతుంది, 3 మళ్లీ రాదు కాబట్టి ఆ రోజులు రెండోసారి లెక్కలోకి రావు. 30 రోజుల నెల తర్వాత మాత్రం చివరి అంకెని AH నుంచి కాదు, AG నుంచి తీసుకోవాలి.

షీట్ చెడిపోయేది ఎక్కువగా రెండు చోట్ల. ఒకటి, అటెండెన్స్ వేసే అన్న తొందరలో A బదులు AB అనో, A పక్కన స్పేస్ కొట్టో, గడి ఖాళీగానో వదిలేస్తాడు. ఫార్ములాకి అవేవీ A కాదు. తొమ్మిది రోజుల వరస మధ్యలో అలాంటి గడి ఒక్కటి పడితే 1, 2, 3, 4, 0, 1, 2, 3, 4 అయి, ఒక్కరోజు మాత్రమే పోయినట్టు ఉంటుంది. అదే ఐదు రోజుల వరస మధ్యలో పడితే 1, 2, 0, 1, 2 అయి మొత్తం రిబేట్ పోతుంది. అందుకని వరుస చివర P, A, X లు కలిపి ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టే గడి పెట్టాం. అది 31 కాకపోతే ఎర్రగా అవుతుంది.

రెండోది భాగించే అంకె. సరుకుల ఖర్చుని బిల్లయ్యే మెస్ డేస్‌తోనే, అంటే మన 3,500తోనే భాగించాలి. కొందరు P లు మాత్రమే కూడతారు. రిబేట్ రాని విడి రోజులు, X లు తీసేస్తే P లు 3,260 ఉన్నాయనుకోండి. రేటు 85 రూపాయల 89 పైసలు అవుతుంది, కానీ బిల్లులు మాత్రం 3,500 రోజులకి వెళ్తాయి. ఖర్చయిన దానికన్నా దాదాపు 20,600 రూపాయలు ఎక్కువ వసూలవుతుంది. ఒక్కొక్కరి బిల్లు విడిగా చూస్తే ఇది ఎవరికీ కనపడదు.

కనపడేది ఒక్క చోటే, 150 బిల్లుల మొత్తాన్ని ఖర్చుతో పోల్చినప్పుడు. రేటుని రౌండ్ చెయ్యకుండా ఉంచి, చివరి బిల్లుని మాత్రమే రూపాయికి రౌండ్ చేస్తాం. ఒక్కో బిల్లులో తేడా 50 పైసలు దాటదు కాబట్టి 150 బిల్లులకి ఎంత చెడ్డా 75 రూపాయల తేడా రావాలి. అంతకు మించి వస్తే ఆ నెల షీట్ నోటీస్ బోర్డుకి వెళ్లదు, మళ్లీ మొదటి వరుస నుంచి చూస్తాం.