శ్రుతి కలిసేలోపు చదివే పరిచయం

కచేరీ హాల్లో చేతికిచ్చిన కరపత్రాన్ని శ్రోత ఎంతసేపు చదువుతాడు? తంబూరా శ్రుతి కుదిరేదాకా. ఆ రెండు మూడు నిమిషాల కోసం రాసే పరిచయంలో చాలామంది బిరుదులన్నీ వరస పెట్టేస్తారు. అంతా చదివినా, ఆ విద్వాంసుడి పాట ఎలా ఉంటుందో మాత్రం తెలియదు.

బాలమురళీకృష్ణ గారి గురించి రాయాల్సి వచ్చిందనుకుందాం. 1930లో గోదావరి జిల్లా శంకరగుప్తంలో పుట్టారన్నది ఒక్క వాక్యంలో అయిపోతుంది. తల్లి సూర్యకాంతమ్మ వీణ వాయించేవారు, ఆయన పసివాడిగా ఉండగానే పోయారు. తండ్రి పట్టాభిరామయ్యే పెంచి, సంగీతంలో పెట్టారు. ఇది కూడా క్లుప్తంగానే చెప్పాలి.

ఆగాల్సిన చోటు గురువు దగ్గర. పారుపల్లి రామకృష్ణయ్య పంతులు గారి శిష్యుడని పేరు చెప్పి వదిలేస్తే, తెలియని శ్రోతకు అది ఉత్త పేరే. పంతులు గారి గురువు సుసర్ల దక్షిణామూర్తి శాస్త్రి. ఆయన గురువు మానాంబుచావడి వెంకటసుబ్బయ్య. ఈయన త్యాగరాజుకు బంధువు, స్వయంగా శిష్యుడు. ఈ ఒక్క వరస చెబితే, ఇవాళ వినబోయే త్యాగరాజ కృతి ఏ దారిన వచ్చిందో శ్రోతకు తెలుస్తుంది. మోసం జరిగేదీ ఇక్కడే. నాలుగు రోజులు శిబిరంలో కూర్చున్నవాళ్లు కూడా ఫలానా మహావిద్వాంసుడి శిష్యులమని రాయించుకుంటారు. ఎన్నేళ్లు, ఎక్కడ నేర్చుకున్నారో రాయకపోతే కాస్త అనుమానించవచ్చు.

తరవాత పాడేవేమిటో చెప్పాలి. చిన్న వయసులోనే 72 మేళకర్తల్లోనూ కృతులు కట్టారని రాస్తే లెక్క తెలుస్తుంది కానీ చెవికి ఏమీ అందదు. నాలుగే స్వరాలతో మహతి, లవంగి లాంటి రాగాలు సృష్టించారని, షడ్జమం, గాంధారం, పంచమం, నిషాదం తప్ప మహతిలో మరో స్వరం ఉండదని చెప్పి చూడండి. రాగం పేరు ఎన్నడూ విననివాడు కూడా చెవులు రిక్కిస్తాడు. నా లెక్కలో పరిచయం మొత్తంలో విలువైన వాక్యం అదే.

కచేరీల్లో రెండు చాలు. ఎనిమిదేళ్లకు విజయవాడ త్యాగరాజ ఆరాధనలో పాడింది ఒకటి, భీమ్‌సేన్ జోషితో చేసిన జుగల్‌బందీ రెండోది. ఒకటి ఎక్కడ మొదలయ్యారో, రెండోది ఎంత దూరం వెళ్లారో చెబుతాయి. 1978 నాటి సంగీత కళానిధి, 1991 నాటి పద్మవిభూషణ్ చివర ఒక వాక్యంలో ఇమిడిపోతాయి.

మీ సభకు ఎవరైనా విద్వాంసుడు వస్తున్నారంటే, అచ్చుకు ముందు ఆ కాగితాన్ని ఒకసారి వారికే చూపించండి. గురువు గారి పేరులో అక్షరం తప్పు పడితే వారికి ఎంత కష్టమో అప్పుడు తెలుస్తుంది.