కీమోలో జుట్టు రాలేటప్పుడు బ్లేడు వద్దు, మిషన్ చాలు

కీమో అంటే మన ఆడవాళ్లు వాంతుల కన్నా జుట్టుకే ఎక్కువ భయపడతారు. మల్లట్‌లో మా వదినకు రొమ్ము కేన్సరుకి ఎర్రమందు ఎక్కించినప్పుడు నేను దగ్గరుండి చూసింది, ఆసుపత్రిలో నర్సమ్మ చెప్పింది రాస్తున్నాను.

కేన్సర్ కణం గబగబా పెరుగుతుంది. జుట్టు కుదురులో కణాలూ అంతే. మందుకి రెండింటికీ తేడా తెలియదు, అందుకే జుట్టు రాలుతుంది. అన్ని మందులకీ ఇలా జరగదు. మీ మందు సంగతి ముందే అడగండి.

వదినకు మందు ఎక్కించిన పదహారో రోజున దిండు మీద జుట్టు కనిపించింది. అంతకు రెండు రోజుల ముందు నుంచే మాడు సలిపింది, దువ్వెన తగిలితే నొప్పి. సాధారణంగా రెండు మూడు వారాల మధ్యే మొదలవుతుంది. నాలుగో వారానికి దాదాపు అంతా పోయింది. తర్వాత కనుబొమ్మలూ పలచబడ్డాయి.

రాలడం మొదలవగానే ఇంట్లో పెద్దవాళ్లు, "ఎటూ పోయేదేగా, మొక్కు కింద గుండు చేయించేద్దాం" అన్నారు. నర్సమ్మ వద్దంది. మందు పడిన వారం రోజుల నుంచి రెండు వారాల దాకా రక్తంలో తెల్లకణాలు బాగా తగ్గుతాయట. అప్పుడు బ్లేడు గీసిన చిన్న గాటు కూడా చీము పట్టి ఒళ్లంతా పాకే ప్రమాదం. అందుకని శుభ్రం చేసిన మిషన్‌తో అరంగుళం ఉంచి కత్తిరించాం. మొక్కు, కీమో అయిపోయాక డాక్టరు సరేనన్న రోజున తీర్చుకోవచ్చు.

మాడుని పసిపిల్లల తలలా చూడాలి. వారానికి రెండుసార్లు గోరువెచ్చని నీళ్లు, పిల్లల షాంపూ చాలు. కుంకుడుకాయ, సీకాయ పొడి గరుకు, మంట పుట్టిస్తాయి. రుద్దకుండా మెత్తని తువ్వాలుతో అద్దండి. మాడు పొడిబారితే చుక్క కొబ్బరినూనె వేళ్లతో రాయండి. వేడి నూనె, గట్టి మర్దనా వద్దు. రంగు, హెన్నా కూడా అప్పుడు పెట్టొద్దు. ఎండకెళ్లినా, మిల్లులో దూది నలుసులు ఎగిరే చోటికెళ్లినా, మెత్తని నూలు గుడ్డ కట్టండి. చెమట పడితే రోజూ మార్చండి.

మాడు మీద చీము పొక్కులు, ఎర్రటి వాపు కనిపించినా, జ్వరం 100.4 డిగ్రీలు దాటినా తెల్లారేదాకా ఆగకండి. జ్వరం మాత్ర వేసి పడుకోబెట్టకుండా ఆ రాత్రే ఆసుపత్రికి ఫోన్ చేసి బయల్దేరండి.

కీళ్లవాతానికి వారానికోసారి వేసుకునే మెథోట్రెక్సేట్ వల్ల కూడా కొందరికి జుట్టు పలచబడుతుంది. సొంతంగా మానేయకండి, డాక్టరుకి చెప్పండి.

వదినకు ఆఖరి మందు పడ్డాక నెలన్నరకు మెత్తని నూగు వచ్చింది. ఆరు నెలలకు పొట్టి జుట్టు, అదీ రింగులు తిరిగి! మొదట్లో తీరు, రంగు మారడం మామూలే. చాలామందికి తర్వాత మునుపటిలా అవుతుంది. కొన్ని మందులకు మాత్రం కొద్దిమందికి పలచగానే మిగలొచ్చు.

మరిప్పుడు వదిన క్లిప్పు పెట్టుకునేంత జుట్టుంది. పెట్టుకోదు, రింగులే బాగున్నాయంటుంది.